రెండు గ్రాముల అజొల్లా దగ్గర తప్పిన గాంపర్ట్జ్ లెక్క

రెండు గ్రాముల విత్తనం వేసిన తొట్టి నన్ను విసిగిస్తోంది. పెరుగుదలను లెక్కగట్టే గాంపర్ట్జ్ సూత్రం ప్రకారం నాలుగో రోజుకు 10 గ్రాములు తూగవలసిన అజొల్లా అనే నీటి మొక్క 6 గ్రాములే తూగింది. ఎనిమిదో రోజుకు 31 రావలసిన చోట 17, పన్నెండో రోజుకు 68 రావలసిన చోట 46 వచ్చాయి. ఇదే తొట్టిలో, ఇదే కాలువ నీటిలో, అంతే పేడ, అంతే సూపర్ ఫాస్ఫేటు వేసి 20 గ్రాములతో మొదలుపెట్టినప్పుడు మాత్రం ఇదే సూత్రం చివరిదాకా చక్కగా నడిచింది.

ఆ 20 గ్రాముల తొట్టి సంగతి క్లుప్తంగా చెప్పి అసలు చిక్కుకు వస్తాను. నాలుగేసి రోజులకు ఒకసారి తూచిన బరువులు వరుసగా 20, 50, 92, 146, 195, 245, 283, 313 గ్రాములు. N బరువు, K అది చేరగల గరిష్ఠ బరువు, a పెరుగుదల నెమ్మదించే రేటు అనుకుంటే, గాంపర్ట్జ్ సమీకరణం ఇది:

```
dN/dt = a N ln(K/N)
```

ఇందులో u = ln(N/K) అని ప్రతిక్షేపిస్తే du/dt = -a u మాత్రమే మిగులుతుంది కనుక, దాని సాధన u = u0 e^(-at) అని వెంటనే వ్రాయవచ్చు. తిరిగి N లోకి మారిస్తే N = K exp(u0 e^(-at)) వస్తుంది. లాజిస్టిక్ సమీకరణం dN/dt = r N (1 - N/K) లో v = 1/N అని ప్రతిక్షేపించినా dv/dt = -r v + r/K అనే సరళ సమీకరణమే వస్తుంది. దీనివలన చేతికందే లాభం ఏమిటంటే, సమాన వ్యవధులలో తూచిన మూడు బరువులుంటే చాలు, K ను కాగితం మీదనే తేల్చవచ్చు: గాంపర్ట్జ్ అయితే ln N లోని వరుస తేడాలు, లాజిస్టిక్ అయితే 1/N లోని వరుస తేడాలు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోవాలి. స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్‌కు అప్పగించే ముందు ఈ చేతి లెక్క చేసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సాల్వర్ ఏదో ఒక సంఖ్య ఇస్తుందే గాని ఆ సంఖ్య ఎంత వణుకుతోందో చెప్పదు.

ఆ వణుకు ఎంతటిదో చూడండి. 0, 4, 8 రోజుల బరువులు తీసుకుంటే ln N లోని తేడాలు 0.916, 0.610, నిష్పత్తి 0.666, K 310 గ్రాములు. ఎనిమిదో రోజు బరువు 92 కు బదులు 94 అయి ఉంటే K 380 కి ఎగబాకుతుంది, 90 అయి ఉంటే 258 కి పడిపోతుంది. వేళ్ళ మధ్య నిలిచిన రెండు గ్రాముల నీరు చాలు దీనికి. అదే 0, 12, 24 రోజుల బరువులు (20, 146, 283) తీసుకుంటే K 394, a రోజుకు 0.0916 వస్తాయి, చివరి బరువులో రెండు గ్రాములు పెరిగినా K 400 దగ్గర ఆగుతుంది. పెరుగుదల అత్యంత జోరుగా ఉండి ఆపైన తగ్గడం మొదలయ్యే నతి పరివర్తన బిందువు K/e, అంటే 145 గ్రాములు. అది దాటకముందు తూచిన బరువులతో K ను నమ్మడం దండగ.

లాజిస్టిక్‌కు అవే మూడు బరువులు ఇస్తే K 307 అంటుంది, కానీ ఇరవై ఎనిమిదో రోజున తొట్టిలో 313 ఉంది. మధ్య రోజులలో కూడా అది నాలుగో రోజు 43 (తూచినది 50), పదహారో రోజు 209 (తూచినది 195) అని, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ చూపింది. ఇలా ఒక క్రమంలో పక్కలు మారే తేడాలు త్రాసు తప్పు కావు, వక్రరేఖ ఆకారమే సరిపడలేదనడానికి గుర్తు. లాజిస్టిక్ మలుపు సరిగ్గా సగం దగ్గర రావాలి; గాంపర్ట్జ్ మలుపు మూడో వంతు దాటగానే వచ్చి, ఆపైన తాపీగా సాగుతుంది. అజొల్లా ఈ రెండో దారిలోనే నడిచింది. గాంపర్ట్జ్ ఇరవై ఎనిమిదో రోజుకు 313 అన్నది, 313 తూగింది.

ఇక రెండు గ్రాముల తొట్టి. మొదట త్రాసునే అనుమానించాను. వంటింటి త్రాసు గ్రాముకు తక్కువ చూపదు కనుక 0.1 గ్రాము చూపే చిన్న జేబు త్రాసు వాడాను (చిన్న బరువులకు వంటింటి త్రాసు పనికిరాదని నా గట్టి నమ్మకం). విత్తనంలో నీరు ఉండిపోయి అసలు మొక్క తక్కువేమో అన్నది తరువాతి ఊహ. రెండు గ్రాములలో అరగ్రాము నీరే అనుకుని 1.5 తో లెక్కిస్తే నాలుగో రోజుకు 8.3 రావాలి, అదీ 6 కాదు. సరిగ్గా 6 రావాలంటే మొదటి బరువు 0.94 గ్రాములు కావాలి, అంటే జాలిలో వడకట్టిన తరువాత కూడా సగానికి పైగా నీరే ఉండాలి. అది కుదరని మాట. చోటు మారినందుకు మొక్క తేరుకోవడానికి రెండు రోజులు పట్టిందేమో అని కూడా అనుకున్నాను, కానీ అలా అయితే మొదటి నాలుగు రోజుల వేగం తక్కువగా ఉండి తరువాత పుంజుకోవాలి. ln N లోని తేడాలను నాలుగుతో భాగిస్తే వచ్చిన వేగాలు రోజుకు 0.275, 0.260, 0.249, మొదటిదే అన్నిటికన్నా ఎక్కువ.

తేడా పట్టిచ్చింది ఈ మూడు వేగాలే. సూత్రం అడిగినవి 0.405, 0.281, 0.195. సూత్రం మొదట్లో విపరీతంగా పరుగెత్తి త్వరగా అలసిపోవాలంటోంది, మొక్క మాత్రం దాదాపు ఒకే వేగంతో నడిచింది. తలసరి వేగం a ln(K/N) కాబట్టి N చిన్నదయ్యే కొద్దీ అది హద్దు లేకుండా పెరుగుతుంది: రెండు గ్రాముల వద్ద రోజుకు 0.48, అంటే ఒకటిన్నర రోజుకు లోపే రెట్టింపు. నా తొట్టిలో అజొల్లా అలా పెరగలేదు. లాజిస్టిక్‌కు ఈ జబ్బు లేదు, N ఎంత చిన్నదైనా దాని వేగం r ను మించదు.

ఈ లోపం కణితుల లెక్కలోనూ ఉంది. 1825 లో గాంపర్ట్జ్ ఈ రూపాన్ని మరణాల లెక్క కోసం వ్రాయగా, 1964 లో లెయర్డ్ అనే పరిశోధకురాలు కణితుల పెరుగుదలకు అన్వయించినప్పుడు అది కొలిచిన పరిధిలో చక్కగా సరిపోయింది. కొలవలేనంత చిన్నదశకు వెనక్కి లాగితేనే చిక్కు. ఒక గ్రాము కణితిలో సుమారు 10^9 కణాలు ఉంటాయని, K 10^12 అని అనుకుంటే, గ్రాము దగ్గర ln(K/N) 6.9, ఒంటరి కణం దగ్గర 27.6. ఒంటరి కణం నాలుగు రెట్ల వేగంతో విభజన చెందాలన్నమాట. అందుకే కొందరు ఒక పరిమాణం దాకా ఘాతాంక వృద్ధిని, ఆపైన గాంపర్ట్జ్‌ను వాడతారు. నేనూ తలసరి వేగానికి b అనే పై హద్దు పెట్టి అదే అతుకు వేశాను:

```
rate = min(b, a*ln(K/N))
```

b ను 0.27 గా పెడితే లెక్క 5.9, 17.3, 45 అంటోంది, తూచినవి 6, 17, 46. అయితే b ని ఈ బరువుల నుంచే తీశాను గనుక ఇది ఋజువు కాదు. కాకపోతే రెండు దశలు కలిసే చోటు K e^(-b/a), అంటే సుమారు 21 గ్రాములు. నా మొదటి తొట్టి 20 తో మొదలైంది గనుకనే అక్కడ లోపం బయటపడలేదు.

ఇప్పుడు తేల్చవలసినది ఆ 21 గ్రాముల హద్దు మొత్తం బరువుదా, వైశాల్యాన్ని బట్టి మొక్క చిక్కదనానిదా అన్నది. అందుకు పదో వంతు వైశాల్యం గల పళ్ళెంలో రెండు గ్రాములే వేస్తాను. చిక్కదనమే కారణమైతే K 39 దగ్గర ఉండి, ఆ పళ్ళెం 20 గ్రాముల తొట్టికి నకలులా నడిచి నాలుగో రోజుకు 5 తూగాలి. బరువే కారణమైతే 6 తూగాలి. తేడా ఒక్క గ్రామే కాబట్టి అలాంటివి నాలుగు పళ్ళాలు పక్కపక్కన పెట్టి సగటు తీయవలసి ఉంటుంది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసేలోగా ఇది ముగించాలి, ఎందుకంటే తీరం దగ్గరి మా కోనసీమ ఊళ్ళో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, ఆ నీటిలో K ఎంతవుతుందో వేరే తొట్టి పెట్టి చూడవలసినదే.