స్టార్ హోటల్ రాతలో విశేషణాలు పీకిన వైనం: నా అనుభవం

భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక స్టార్ హోటల్‌కి తెలుగు వెబ్‌సైట్ రాసిపెట్టి నిన్ననే బయటపడ్డాను. పేరు చెప్పను, డబ్బులు ఇంకా రావాలి. స్టార్ హోటల్‌కి తెలుగులో ఎందుకంటారా? పెళ్ళిళ్ళకి గదులు ఎంచేది పిల్లలైనా, అడ్వాన్సు కట్టే ముందు ఫోన్లో అంతా చదివేది పెద్దవాళ్ళే. ఆ సంగతి వాళ్ళ రిజర్వేషన్ డెస్కు కనిపెట్టింది, మార్కెటింగ్ వాళ్ళు కాదు. ఈ తేడా తర్వాత పనికొచ్చింది.

వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్న రాత ఇదీ:

"అనంత నీలిసాగరపు అలౌకిక అందాలను వీక్షించే మా అత్యంత విలాసవంతమైన, విశాలమైన, ప్రశాంతమైన గదులలో అపురూపమైన, రాజసమైన, మరపురాని ఆతిథ్యాన్ని ఆస్వాదించండి."

దీని కింద గోవాలో ఏ హోటల్ పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నేను పెట్టుకునే పరీక్ష అదే. పక్క హోటల్‌కీ సరిపోయే మాటైతే తీసేయడమే.

తీసేయడం తేలిక. ఫైలు తెరిచి Ctrl+F కొట్టి "మైన" అని వెతికితే పేజీ అంతా పసుపు పూసినట్టయింది. "ఏమైనా" లాంటివి కూడా అందులో చిక్కుతాయి, వాటిని వదిలెయ్యాలి. "దివ్య", "అలౌకిక", "ఆహ్లాదకర" లాంటివి ఈ వలలో పడవు, వాటిని కంటితో ఏరాలి. అన్నీ పోయాక మిగిలింది: "సముద్రం కనిపించే గదుల్లో ఆతిథ్యం ఆస్వాదించండి." చాలామంది ఇక్కడికే వచ్చి, క్లుప్తంగా రాశామని మురిసిపోతారు. ఇది క్లుప్తత కాదు, ఖాళీ. ఆ విశేషణాలన్నీ అక్కడ చేరిందే ఎవరూ గదిలోకి వెళ్ళి చూడలేదు గనక. కాబట్టి గదిలోకి వెళ్ళాలి.

వెళ్ళాను. ఫొటోల్లో కనబడనిది గదులు సర్దే ఆవిడ చెప్పింది. "రేత్రి పక్క సర్దేటప్పుడు తెర జానెడు వదిలేత్తాను మేడమ్. మొత్తం మూసేత్తే పొద్దు పొడిసింది తెలీలేదని గొడవ. మొత్తం తీసేత్తే ఎండ మొకం మీద కొడతందని గొడవ." ఎవరు నేర్పారక్కా అంటే, "ఎవులు నేర్పుతారు, తిట్లు తిని నేర్సుకున్నాను" అంది. ఆ జానెడు చాలు నాకు. "ప్రశాంతమైన" అన్న మాట చెప్పలేనిది, ఇక్కడ మీ నిద్ర గురించి ఆలోచించిన మనిషి ఒకరున్నారన్నది, ఆ జానెడే చెబుతుంది.

"విశాలమైన"కి బదులు చదరపు అడుగులు వెయ్యొచ్చు కదా అన్నారు. వేశాం, కింద పట్టికలో. కానీ నాలుగు వందల ఇరవై అంటే ఎంతో కళ్ళకి కట్టించుకోగలిగేది ఇల్లు కట్టించినవాళ్ళే. అందుకని ఆ గదిలో అదనపు మంచం వేయించి చూశాను. తోవ మిగిలింది. "నాన్నమ్మకి అదనపు మంచం వేసినా, రాత్రి బాత్రూంకి లేచినవాళ్ళు ఎవర్నీ దాటక్కర్లేదు" అని రాశాను. పెళ్ళికి ఒక్కో గదిలో నలుగురేసి సర్దుకున్న వాళ్ళెవరైనా ఆ వాక్యం దగ్గర ఆగుతారు.

పడవల దగ్గర మాత్రం జాగ్రత్తపడాల్సి వచ్చింది. పొద్దున్నే బాల్కనీలో నిలబడితే వేట నుంచి తిరిగొచ్చే పడవలు కనిపిస్తాయి. చాలా బాగుంటుంది, రాయాలనిపిస్తుంది. కానీ మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవులకి జనం వచ్చే రోజులు. అప్పుడొచ్చినవాళ్ళు బాల్కనీలో నిలబడితే పడవలు చాలామటుకు ఇసుక మీదే ఉంటాయి. కళ్ళకి కట్టే వివరానికి ఇదే ప్రమాదం. విశేషణం ఏ నెలలోనూ అబద్ధం కాదు, ఎందుకంటే అది ఏ నెలలోనూ నిజం కాదు. వివరం మాత్రం ఋతువు మారితే అబద్ధమైపోతుంది. పడవల్ని చలికాలం ప్యాకేజీ పేజీకి పంపేశాను. "నీలి" కూడా కొట్టేశాను. వానలకి గోస్తనిలో నీళ్ళొస్తే భీమిలి దగ్గర సముద్రం ఏ రంగులో ఉంటుందో విశాఖవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక దుప్పట్లు. "స్వచ్ఛమైన ఈజిప్షియన్ కాటన్" అని ఉంది. కాగితం చూపించమని పర్చేజ్ వాళ్ళని అడిగితే, కాగితం లేదు, మాట వినపడింది అన్నారు. 2016లో అమెరికాలో టార్గెట్ సంస్థ, ఆ పత్తి పేరుతో వచ్చిన దుప్పట్లు నిజంగా ఆ పత్తివి కావని తేలి, మన దేశపు కంపెనీ ఒకదానితో వ్యాపారమే తెంచుకుంది. ఆ ముక్క చెప్పగానే "కాటన్" ఒక్కటే మిగిలింది. చదరపు అంగుళానికి ఇన్ని దారాలని వేసిన లెక్క కూడా తీసేయించాను. రెండు పోగులు పేనిన దారాన్ని రెండుగా లెక్కేసి ఆ అంకెని పెంచడం ఈ వ్యాపారంలో పాత అలవాటు.

ఇంతవరకూ సాఫీగానే సాగింది. అసలు కథ సంతకాల దగ్గర మొదలైంది.

వివరం రాస్తే దానికి ఎవరో ఒకరు పూచీ పడాలి. తెర గురించి హౌస్‌కీపింగ్ సంతకం, మంచం గురించి ఫ్రంట్ ఆఫీస్ సంతకం, ఎండ గురించి మెయింటెనెన్స్ ఇంజినీరు సంతకం. "అపురూపమైన" అన్నదానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. స్టార్ హోటళ్ళ రాతలు అలా ఎందుకుంటాయో నాకు ఆ ఫైలు పట్టుకుని తిరుగుతుంటే అర్థమైంది. రాసేవాడికి భాష రాక కాదు, సంతకాలు తప్పించుకోవడానికి. వాళ్ళ లాయరు గారు ఇదే మాట నవ్వుతూ చెప్పారు: "'రాజసమైన' అంటే కోర్టుకి ఎవరూ వెళ్ళలేరమ్మా. 'సముద్రం కనిపిస్తుంది' అంటే వెళ్ళగలరు."

ఇంజినీరు గారు బంగారం లాంటి మనిషి. నేను "తూర్పు కిటికీ" అని రాస్తే, ఫోన్లో దిక్సూచి తీసి, "అమ్మా, మన తీరం వాలుగా ఉంది, ఈ కిటికీ చూసేది ఆగ్నేయం" అన్నారు. అందుకే చలికాలంలో ఎండ నేరుగా మంచం మీదికొస్తుంది. జూన్‌లో సూర్యుడు బాగా ఎడమకి జరిగి ఉదయిస్తాడు కనక పొద్దున్నే గోడ పక్క నుంచి జారిపోతుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

అప్పుడొచ్చింది మీటింగు. పెద్ద గది, గోడ మీద నా రాత, చుట్టూ డిపార్టుమెంట్ల వాళ్ళు. మార్కెటింగ్ పెద్దాయన మొదటి వాక్యం బయటికి చదివి, "ఇది లాడ్జి గోడ మీద నోటీసులా ఉంది" అన్నారు. "ఆగ్నేయం" దగ్గరికొచ్చేసరికి కుర్చీలోంచి లేచారు. "ఆగ్నేయమంటే వంటగది మూల! పడకగదికి ఆగ్నేయమని రాస్తే ఎవరు వస్తారండీ?" ఒప్పుకుంటాను, ఆ ఒక్కటీ న్యాయమే. దిక్కు తీసేసి "సముద్రం వైపు" అన్నాను.

అక్కడితో వదల్లేదు. "రాత మరీ పేదగా ఉంది, అందరూ తలా ఒక మాట వెయ్యండి" అన్నారు. చందా ఎత్తినట్టే ఎత్తారు. హెచ్.ఆర్. అమ్మాయి "సుందరమైన" ఇచ్చింది. బాంకెట్ మేనేజరు "కనువిందైన" అన్నాడు. అకౌంట్స్ ఆయన చాలాసేపు ఆలోచించి "దివ్యమైన" అన్నాడు, చప్పట్లు కొట్టారు. అవన్నీ నా కళ్ళముందే, నా వాక్యంలోనే, నా చేతే టైపు చేయించారు. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఆభరణాల షోరూమ్‌లకి రాశాను, రియల్ ఎస్టేటు వాళ్ళని కూడా ఒప్పించాను. ఆ రోజు మాత్రం చెవులు కాలిపోయాయి. టైపు చేయమనగానే లేచి రావాల్సిందని చదివేవాళ్ళకి అనిపించొచ్చు. కరెంటు బిల్లు కట్టేవాళ్ళకి అనిపించదు.

గట్టెక్కించింది ఫ్రంట్ ఆఫీస్ మేనేజరు. ఆయనేమీ భాషాభిమాని కాదు. ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించి టేబుల్ మీద తెరిచారు, అంతే. పేజీ తర్వాత పేజీ ఒకటే గొడవ: "సముద్రం కనిపించే గది అన్నారు, కిటికీ తీస్తే కొండ." ఆ హోటల్లో వెనక వరసవన్నీ కొండ వైపు గదులు. పాత రాతలో "అనంత నీలిసాగరం" అన్ని గదులకీ కలిపి వేసేశారు. తాళం ఇచ్చిన పావుగంటకి కిందికొచ్చి అరిచేవాళ్ళకి జవాబు చెప్పేది కౌంటర్లో నిలబడ్డ కుర్రాళ్ళు, మీటింగు గదిలో పెద్దలు కాదు. "ఆవిడ రాసిన ఆ ఒక్క ముక్క ఉంచండి సార్, మిగతాది మీ ఇష్టం" అన్నారాయన.

ఆ ముక్క ఇదీ: "కొండ వైపు గదుల్లోంచి సముద్రం కనిపించదు. అద్దె కూడా ఆ మేరకు తక్కువ." మార్కెటింగ్ ఆయనకి అన్నిటికన్నా కంటగింపుగా ఉన్నదీ అదే. నిజానికి మిగతా వివరాల్ని నిలబెట్టేది అదే. లేనిదాన్ని లేదని ఒకచోట ఒప్పుకుంటేనే, ఉన్నదని చెప్పిన చోట జనం నమ్ముతారు.

జనరల్ మేనేజరు రిజిస్టరు చూశారు, గోడ మీద "దివ్యమైన" చూశారు, ఇక టీ తెప్పించమన్నారు. గదుల పేజీ నాకు దక్కింది. చివరికి ఇలా తేలింది:

"సముద్రం వైపు గదుల్లో మంచం కిటికీకి ఎదురుగా ఉంటుంది. రాత్రి పక్క సర్దేవాళ్ళు తెరని జానెడు తెరిచి ఉంచుతారు. చలికాలంలో ఆరున్నర దాటాక ఎండ దుప్పటి మీదికొస్తుంది. ఇంకాసేపు పడుకోవాలంటే ఆ జానెడూ మూసుకోండి. కొండ వైపు గదుల్లోంచి సముద్రం కనిపించదు. అద్దె కూడా ఆ మేరకు తక్కువ."

నాన్నమ్మ మంచం వాక్యం కుటుంబ గదుల పేజీకి వెళ్ళింది. ఇందులో "మైన" ఒక్కటి కూడా లేదు, కావాలంటే వెతుక్కోండి.

ఈ పనికి దిగేవాళ్ళు మార్కెటింగ్ వాళ్ళతో మొదలుపెట్టకండి. ముందు గదులు సర్దేవాళ్ళతో, తర్వాత కౌంటర్లో ఉండేవాళ్ళతో మాట్లాడండి, ఆఖరికి ఫిర్యాదుల రిజిస్టరు అడగండి. ఏ వాక్యం రాయాలో అది చెప్పేస్తుంది. ఒక వాక్యంలో ఒక్క వివరమే పెట్టండి. జానెడు తెర, నాన్నమ్మ మంచం, పడవలు అన్నీ ఒకే వాక్యంలో తోస్తే అవీ విశేషణాల గుంపులాగే కళ్ళ ముందు నుంచి జారిపోతాయి. ఒప్పందంలో ఎన్నిసార్లు దిద్దిపెడతారో, మీటింగులో టైపు చేయడం అందులో లేదనీ ముందే రాయించుకోండి.

పెళ్ళి లాన్ పేజీ మాత్రం మార్కెటింగ్ ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. చందా మాటలన్నీ అక్కడికి చేరాయి. నా బిల్లు మీద సంతకం చేయాల్సింది కూడా ఆయనే. ఈ పొద్దున అకౌంట్స్‌కి ఫోన్ చేస్తే "దివ్యమైన" ఆయనే ఎత్తి, సార్ టూర్లో ఉన్నారన్నాడు.