మంగళవారం, రాత్రి: ఒకే బడ్జెట్ కార్యక్రమం, రెండు చూపులు

ఈరోజంతా మీడియా పరిశోధకుడు డేవిడ్ మార్లీ 1980లో అచ్చేసిన 'నేషన్‌వైడ్' ప్రేక్షకుల అధ్యయనంతోనే గడిచింది. సంస్కృతిని, మీడియాను అధ్యయనం చేసిన స్టువర్ట్ హాల్ 1973లో బర్మింగ్‌హామ్‌లో ఒక వాదన చేశాడు. కార్యక్రమం తయారుచేసేవాళ్లు అందులో ఒక అర్థాన్ని పొదుగుతారు, కానీ చూసేవాళ్లు దాన్ని అలాగే తీసుకోవాలని లేదు అన్నాడు. పొదిగిన అర్థాన్ని అలాగే తీసుకుంటే ఆధిపత్య పఠనం, కొంత ఒప్పుకుని కొంత సవరించుకుంటే రాజీ పఠనం, దానికి ఎదురు తిరిగితే వ్యతిరేక పఠనం. ఈ మూడూ అక్కడివే. మార్లీ వాటిని మనుషుల మధ్యకు తీసుకెళ్లి పరీక్షించాడు.

బీబీసీ సాయంకాల కార్యక్రమం 'నేషన్‌వైడ్' నుంచి రెండు భాగాలు తీసుకుని, మొత్తం 29 బృందాలకు ఏదో ఒకటి చూపించి, తర్వాత జరిగిన చర్చను రికార్డు చేశాడు. రెండోది 1977 మార్చి బడ్జెట్ మీద. కొన్ని కుటుంబాలను చూపించి, పన్నుల మార్పుతో ఎవరి చేతికి ఎంత మిగులుతుందో లెక్క చెబుతుంది. దేశ ఆర్థిక సమస్య ఇంటి ఖర్చుల లెక్కగా మారిపోవడమే అందులో పొదిగిన అర్థం.

బ్యాంకు మేనేజర్లు ఆ లెక్క గురించి పెద్దగా మాట్లాడనే లేదు. వాళ్ల విసుగంతా కార్యక్రమం మాట్లాడే తీరు మీదే. షాప్ స్టీవార్డులు, అంటే కార్మికులు తమలోంచి ఎన్నుకున్న యూనియన్ ప్రతినిధులు, దీనికి తలకిందులు. మాట్లాడే తీరుతో వాళ్లకు పేచీ లేదు, అసలు విషయం మీదే తిరగబడ్డారు. పెట్టుబడుల మాట, ఉద్యోగాల మాట ఎందుకు రాలేదని నిలదీశారు.

నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది మేనేజర్ల మౌనం. కార్యక్రమాన్ని తిట్టారు కదా అని వాళ్లది వ్యతిరేక పఠనం అనుకుంటే పూర్తిగా పొరపాటు. పొదిగిన అర్థం వాళ్లకు చర్చించాల్సిన విషయంగా కూడా కనబడలేదు, అంత సహజంగా దిగిపోయింది. అందుకే చర్చల రాతప్రతి చదివేటప్పుడు నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, దేన్ని ప్రశ్నించకుండా వదిలేశారో ముందు గుర్తుపెట్టాలి. రాజీ పఠనానికి ఆనవాలు వేరు. జీతాలు అదుపులో ఉంటేనే దేశానికి మంచిదని ఒప్పుకున్న మనిషే తన ఫ్యాక్టరీలో జీతం పెంచమని సమ్మెకు దిగుతాడు. ఇది హాల్ చెప్పిన ఉదాహరణే. సూత్రానికి సరే అంటాడు, తన సంగతి దగ్గర మినహాయింపు అడుగుతాడు.

వర్గాన్ని బట్టి పఠనాన్ని ఊహించడమూ కుదరదు. అప్రెంటిస్‌లు కూడా కార్మిక వర్గమే, అయినా ఆధిపత్య పఠనానికి దగ్గరగా నిలిచారు. కాలేజీలో చదివే నల్లజాతి విద్యార్థులైతే ఇది మాకు సంబంధించింది కాదని పక్కకు తప్పుకున్నారు. వాళ్లను ఏ గడిలో వేయాలి? వ్యతిరేకించాలన్నా ముందు ఆ కార్యక్రమం తనతో మాట్లాడుతోందని అనిపించాలి కదా. పట్టించుకోవడం, అర్థం చేసుకోవడం, ఒప్పుకోవడం అనే వేర్వేరు పనులు డీకోడింగ్, అంటే పొదిగిన అర్థాన్ని విప్పుకోవడం, అనే ఒక్క మాటలో కలిసిపోయాయని మార్లీ తర్వాత తానే రాశాడు. పైగా ఆ బృందాలు చూసింది తరగతి గదుల్లో, ఇంట్లో కాదు. అందుకే 1986 నాటి పుస్తకం కోసం దక్షిణ లండన్‌లో 18 కుటుంబాల ఇళ్లకే వెళ్లాడు. అక్కడ ఏం చూడాలో ఎక్కువగా తండ్రి చేతిలోని రిమోటే తేల్చేది.