చెర్నాఫ్ హద్దు: నా సీఎస్ఐఆర్ నెట్ ప్రిపరేషన్‌లో సరిదిద్దుకున్న ఒక తప్పు

హనుమకొండలో గది తీసుకుని నెట్ గణితానికి చదువుతున్న రోజుల్లో, ఒక మాదిరి పరీక్షలో ఈ వాక్యం వచ్చింది: "ద్విపద చలరాశికి చెర్నాఫ్ హద్దు ఎప్పుడూ వేరియన్స్ మీద ఆధారపడిన హద్దు కన్నా చిన్నది." నేను సరైనదని గుర్తు పెట్టాను. పార్ట్ సీలో సరైన ఐచ్ఛికాలన్నీ, అవి మాత్రమే గుర్తిస్తేనే మార్కులు. ఆ ఒక్క టిక్కుతో మిగతా శ్రమంతా పోయింది. ఆ సాయంత్రం కూర్చుని రెండు హద్దులనూ చేత్తో లెక్కగట్టాను. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

నాణేన్ని 100 సార్లు ఎగరేద్దాం. బొమ్మల సంఖ్య X. సగటు 50, వేరియన్స్ 25. కనీసం 75 బొమ్మలు పడే సంభావ్యత ఎంతకు మించదు?

వేరియన్స్ మీద ఆధారపడిన హద్దు చెబిషెవ్‌ది. దాని ప్రకారం X సగటు నుంచి 25 లేదా అంతకన్నా ఎక్కువ దూరంలో ఉండే సంభావ్యత 25/625, అంటే 0.04 మించదు. నాణెం సమతూకంగా ఉంది కాబట్టి రెండు వైపులూ సమానం. పై వైపుకు 0.02 మిగులుతుంది.

చెర్నాఫ్ పద్ధతికి మూలం మార్కోవ్ అసమానతే. కాకపోతే దాన్ని X మీద కాక e^(tX) మీద వాడతాం. t > 0 అయితే X ≥ 75 అనడం, e^(tX) ≥ e^(75t) అనడం ఒకటే. అందువల్ల

P(X ≥ 75) ≤ e^(−75t) · ((1 + e^t)/2)^100

కుడివైపు రెండో భాగం X మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్. ఇక్కడ నేను చాలా రోజులు తికమక పడ్డాను: t ఎక్కడి నుంచి వస్తుంది? పక్క గదిలో ఉండే సీనియర్ అక్క ఒక్క మాటతో తేల్చింది: "ఏ ధన t పెట్టినా హద్దు నిజమే చెల్లీ. అన్నిటిలోకీ చిన్నదాన్ని ఎంచుకోవడమే మన పని." t = 2 పెట్టి చూశాను, సుమారు 0.0013 వచ్చింది. అది తప్పు కాదు, బలహీనం అంతే. లాగరిథమ్ తీసుకుని అవకలనం చేస్తే 100·e^t/(1 + e^t) = 75, అంటే e^t = 3. ఈ హద్దు లాగరిథమ్ t లో కుంభాకార ప్రమేయం కాబట్టి అక్కడ కనిష్ఠమే ఉంటుంది, రెండో అవకలనం చూడాల్సిన పని లేదు. ప్రతిక్షేపిస్తే 2^100/3^75, అంటే దాదాపు 0.0000021. అసలు విలువ సుమారు 0.00000028. చెబిషెవ్ ఇచ్చిన 0.02 పక్కన పెట్టి చూడండి.

ఎగరవేతలు 400 చేసి, 75 స్థానంలో 300 పెడితే తేడా ఇంకా పెరుగుతుంది. చెబిషెవ్ విలువ నాలుగో వంతు అవుతుంది. చెర్నాఫ్ విలువ మాత్రం నాలుగో ఘాతానికి వెళ్తుంది. n పెరిగే కొద్దీ ఒకటి 1/n లా తగ్గితే మరొకటి ఘాతాంకంగా తగ్గుతుందన్న మాటకు అర్థం ఇదే. సూత్రంగా వల్లించినప్పుడు నాకు ఇది తట్టలేదు.

మరి ఆ వాక్యం ఎందుకు తప్పు? 75 స్థానంలో 55 పెట్టండి. ఇప్పుడు e^t = 55/45. లెక్క చేస్తే చెర్నాఫ్ 0.606 ఇస్తుంది. చెబిషెవ్ 25/25 = 1 ఇస్తుంది, సౌష్ఠవంతో సగం చేస్తే 0.5. సౌష్ఠవం లేకున్నా వర్తించే ఒక వైపు హద్దు, అంటే కాంటెలి అసమానత, 25/(25 + 25) = 0.5 అనే చెబుతుంది. అసలు విలువ 0.184 దగ్గర. సగటుకు ఒక్క ప్రామాణిక విచలనం దూరంలో వేరియన్స్ హద్దే మెరుగు. 60 దగ్గరికి వెళ్తే కాంటెలి 0.2, చెర్నాఫ్ 0.134. కాంటెలితో పోలిస్తే అప్పటికే పరిస్థితి తారుమారైంది. కాబట్టి "ఎప్పుడూ" అన్న పదం కనిపిస్తే ముందుగా సగటు పక్కనున్న విలువతో పరీక్షించండి.

ఇంకో ఉచ్చు కూడా చెప్పాలి, ఇది నిజంగా లోతైనది. మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్‌ను 100 ఒకే రకం గుణకాలుగా విడగొట్టామంటే ఎగరవేతలన్నీ కలిసి స్వతంత్రమని ఒప్పుకున్నట్టే. చెబిషెవ్‌కు అంత అవసరం లేదు. ఏ రెండింటిని తీసుకున్నా పరస్పరం స్వతంత్రమైతే చాలు, వేరియన్స్ 25 గానే ఉంటుంది, 0.04 నిలుస్తుంది. ప్రశ్నలో "జంటగా స్వతంత్రం" అని మాత్రమే ఇస్తే చెర్నాఫ్ వాడే హక్కు మనకు లేదు. అదీ లేక, ఒక్క నాణెం ఫలితాన్నే 100 సార్లు రాసుకున్నామనుకోండి: X విలువ 0 లేదా 100, 75 దాటే సంభావ్యత సగం. వేరియన్స్ 25 కాదు, 2500. చెబిషెవ్ హద్దు 4 అవుతుంది. అది ఏమీ చెప్పదు కానీ అబద్ధం చెప్పదు. పాత 2^100/3^75 ను అక్కడ రాస్తే మాత్రం అబద్ధమే.