"చూడను" అన్న మాటకు అర్థం

"చూడను" అంది మా పాప. హన్మకొండలో మా అమ్మ వాళ్ల ఇల్లు, పొద్దున ఎనిమిది. గోడవైపు తిరిగి పడుకుంది. ఎడమ కంటి రెప్ప వాచి సగం మూసుకుపోయింది. "ఇటు చూడవే, చూస్తేనే కదా ఏమైందో తెలిసేది" అంటే మళ్లీ అదే మాట. ఏడేళ్ల పిల్లకు ఇంత మొండితనమా అని నాకు కోపం వచ్చింది. విదేశంలో పుట్టి పెరిగినందుకే ఈ ఎదురు మాటలు అనుకున్నాను. చిన్నప్పుడు నేను ఎంత మొండిదాన్నో అమ్మ ఆ టైంలో గుర్తుచేయలేదు, పాపం.

డిసెంబర్ సెలవులకు దిగిన రోజే నేనొక రూలు పెట్టాను: అమ్మమ్మ ఇంట్లో ఇంగ్లీషు బంద్. ఇంగ్లీషులో అడిగితే నేను జవాబివ్వను. రాత్రిళ్లు ఆఫీసు వాళ్లతో గంటలకొద్దీ నేను మాట్లాడేది మాత్రం లెక్కలోకి రాదు.

"దోమ కుట్టినట్టుంది" అని అమ్మ గుడ్డ వేడిచేసి కాపడం పెట్టింది. నేను వెంట తెచ్చిన అలర్జీ సిరప్ పోశాను. దోమ కుడితే వచ్చే వాపులో దురద ఉంటుంది, పెద్దగా నొప్పి ఉండదు. కంటి కురుపయితే రెప్ప అంచున చిన్న గడ్డ తగులుతుంది. పాపకు దురదా లేదు, గడ్డా లేదు. అయిదు రోజులుగా జలుబు, ముక్కు నుంచి చిక్కటి పచ్చటి చీమిడి. ముందురోజు రాత్రి ఒళ్లు కాలుతుంటే జ్వరం సిరప్ కూడా నేనే పోశాను. పొద్దున థర్మామీటర్ 99 చూపించింది. జ్వరం లేదని తేల్చేసుకున్నాను. సిరప్ దాన్ని దాచిందన్న ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నం అమ్మ పాపకు ఎడమ పక్కన కూర్చుని సకినం చూపించి పిలిచింది. పాప కళ్లు తిప్పలేదు, భుజాలతో సహా మొత్తం తిరిగింది. "దీని కన్ను తిరుగుతలేదే, మనిషే తిరుగుతోంది" అంది అమ్మ.

అప్పుడు రూలు పక్కన పెట్టి ఇంగ్లీషులో అడిగాను. కన్ను పక్కకు తిప్పితే లోపల నొప్పి అని ఒక్క గుక్కలో చెప్పేసింది. తెలుగులో అంత పొడుగు వాక్యం రాక పొద్దుటి నుంచి "చూడను" అంటోంది.

ఆసుపత్రిలో కంటి డాక్టర్ మొదట మందుల గురించి అడగలేదు. రెప్ప మెల్లగా ఎత్తి, తల కదలకుండా పెన్ను వెంట చూడమన్నారు. ఎడమ కన్ను సగం దాకా వెళ్లి ఆగిపోయింది, పాప నా చెయ్యి గిచ్చింది. తర్వాత తల వెనక నిలబడి పైనుంచి చూశారు: ఎడమ కన్ను కొంచెం ముందుకు తోసుకొచ్చి ఉంది.

రెప్ప వెనక ఒక పల్చటి పొర ఉంటుందట. ఇన్ఫెక్షన్ ఆ పొరకు ముందే ఆగితే రెప్ప ఎంత వాచినా లోపల కన్ను మామూలుగా ఉంటుంది: చూపు బాగుంటుంది, అన్ని వైపులా నొప్పి లేకుండా తిరుగుతుంది. అందులోనూ జ్వరం రావచ్చు, అందుకే జ్వరం ఒక్కటే చూసి తేల్చరు. పొర వెనక్కి చేరితే కంటిని తిప్పే కండరాల చుట్టూ వాపు వస్తుంది, కన్ను కదిపితే నొప్పి అందుకే. పిల్లల్లో ఎక్కువగా ఇది సైనస్ నుంచే వస్తుంది. ముక్కుకూ కంటికీ మధ్య ఎముక గోడ కాగితమంత పల్చన. దీని పేరు ఆర్బిటల్ సెల్యులైటిస్. ఆలస్యమైతే చూపు పోవచ్చు, మెదడు దాకా పాకవచ్చు.

సీటీ స్కాన్‌లో సైనస్ నిండి ఉంది, ఆ పల్చటి గోడ పక్కన చిన్న చీము గడ్డ. వెంటనే సెలైన్ పెట్టి నరంలోకి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. చిన్న పిల్ల, గడ్డ చిన్నది, చూపు బాగుంది కాబట్టి ఒకటి రెండు రోజులు చూస్తామన్నారు. తగ్గకపోయినా, చూపు మందగించినా ఆపరేషన్. రాత్రంతా కొన్ని గంటలకోసారి నర్సు వచ్చి వేళ్లు లెక్కపెట్టించేది, టార్చి వేసి కంటిపాప చూసేది, ఎర్ర మూత ఒకటి పట్టుకుని "రెండు కళ్లకూ ఒకే తీరు రెడ్ ఉందా?" అని అడిగేది. కంటి నరం మీద ఒత్తిడి పడితే ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుందట. నర్సు "రెడ్" అనే అంది. వరంగల్‌లో "ఎరుపు" అనమని పిల్లను సతాయించేది నేనొక్కదాన్నే.

రెండో రోజుకు జ్వరం దిగింది, మూడో రోజుకు కన్ను పెన్ను వెంట చివరిదాకా వెళ్లింది. ఆరో రోజు ఇంటికొచ్చాం, ఇంకో రెండు వారాలు నోటి మందు.

పిల్లలతో తెలుగే మాట్లాడాలని నలుగురికి సలహాలు చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. రూలు ఎత్తేశానా అంటే పూర్తిగా ఎత్తెయ్యలేదు కూడా. ఒంట్లో బాగోకపోతే ఏ భాషయినా సరే అని సవరించాను. ఈలోగా పాప ఒక వాక్యం మాత్రం తప్పులేకుండా నేర్చుకుంది. హోంవర్క్ తియ్యమంటే చాలు, "కన్ను తిప్పితే నొప్పి, అమ్మా" అంటుంది. అబద్ధమని తెలిసినా ప్రతిసారీ పెన్ను తీసుకుంటాను.