బిల్లు వెళ్లాక మారే గంటలు

ప్రతి సోమవారం టైమ్ ట్రాకర్‌లోని ఎంట్రీలను ఇన్‌వాయిస్ టూల్‌లోకి లాగే పని ఇప్పుడు స్క్రిప్టే చేస్తోంది. లాగడం తేలికే. అసలు చిక్కంతా బిల్లు పంపేశాక ఎవరో ఒకరు పాత ఎంట్రీని మార్చినప్పుడే.

గత వారం తేదీలవి మాత్రమే తెమ్మంటే ఆ మార్పు మన కంటబడదు, ఎందుకంటే పని చేసిన తేదీ అదే ఉంటుంది. అందుకే చివరిసారి ఎప్పుడు మార్చారో చూసి లాగుతున్నాం. ప్రతి ఎంట్రీ ఐడీ పక్కన ఎన్ని గంటలకు, ఏ రేటుకు, ఏ ఇన్‌వాయిస్‌లో బిల్లు చేశామో రాసి ఉంటుంది. ఐడీ కొత్తదైతే కొత్త లైను పడుతుంది. పాతదై, ఇన్‌వాయిస్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంటే ఆ లైనే మారుతుంది. క్లయింట్‌కి పంపేసిన ఇన్‌వాయిస్‌ను మాత్రం ముట్టుకోదు.

మొన్న 3 గంటలకు బిల్లు వెళ్లిన డిజైన్ రివ్యూని ఒక కొలీగ్ 2.5కి తగ్గించారు. తర్వాతి ఇన్‌వాయిస్‌లో పాత ఇన్‌వాయిస్ నంబరు చూపిస్తూ మైనస్ 0.5 గంటల లైను వచ్చింది. అదీ పాత రేటుకే. మధ్యలో రేటు పెరిగి ఉంటే, కొత్త రేటుతో తీసేస్తే తీసుకున్న దానికన్నా ఎక్కువ వెనక్కిచ్చినట్టవుతుంది.

డిలీట్ చేసినవి ఇంకో తలనొప్పి. లేని ఎంట్రీ లాగినా రాదు కదా! కాబట్టి గత రెండు నెలల ఐడీలన్నీ తెచ్చి మన జాబితాతో పోలుస్తాం. కనబడకుండా పోయినవాటిని మనిషే చూసి తేలుస్తారు. వాటిని తనంతట తానే బిల్లులోంచి తగ్గించే అధికారం స్క్రిప్ట్‌కి ఇవ్వలేదు, ఇవ్వను కూడా.