బెల్ నొక్కని రాత్రి

ఇప్పుడు నడుస్తున్నా, మెట్లు కూడా ఎక్కుతున్నా, ఎడమ కాలి వేళ్లల్లో కాస్త తిమ్మిరి మిగిలిందంతే, అందుకే కూర్చుని రాయగలుగుతున్నా. నాకొచ్చింది గిలాన్ బారీ సిండ్రోమ్. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన నరాల మీద పడుతుంది, నీరసం కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. నడుంలో సూది, ఐదు రోజుల ఇమ్యునోగ్లోబులిన్, ఆ కథంతా వదిలేస్తున్నా.

చెప్పాల్సింది రెండో రోజు సంగతి. చూడ్డానికొచ్చిన మా పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని, "నీకు మొదట్నుంచీ నేను, నాది అని ఎక్కువేనే, ఆ అహం దించడానికే దేవుడు ఇలా పడుకోబెట్టాడేమో, అంతా మంచికే" అంది. ప్రేమగానే అంది, అదే నా బాధ. నేను తలూపా. పైగా మధ్యాహ్నం డాక్టర్ రౌండ్స్‌కొచ్చి, "ఈవిడ చాలా మంచి పేషెంట్, అసలు ఇబ్బందే పెట్టరు" అని మా ఆయనతో అంటుంటే లోపల ఓ చిన్న గర్వం కూడా కలిగింది, ఆహా నా అహం కరిగిపోతోంది అని.

ఆ రోజు పొద్దున ఒక్క ఊపిరిలో ఎంతదాకా అంకెలు లెక్కపెట్టగలనో చూశారు, 32 వచ్చింది. ఈ జబ్బులో అది పడిపోతోందంటే ఊపిరి కండరాలు కూడా బలహీనపడుతున్నట్టు. తగ్గితే వెంటనే బెల్ కొట్టమని నర్సు గట్టిగా చెప్పి, బెల్ నా కుడి చేతి కిందే పెట్టింది. రాత్రి ఒంటిగంటకి నాకు నేనే లెక్కపెట్టుకుంటే 17. ఇంకాసేపటికి 12. వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు. మా ఆయన కుర్చీలో ఇప్పుడే నిద్రపోయాడు, నర్సు ఒక్కత్తే అందర్నీ చూసుకుంటోంది, నా కోసం వీళ్లనెందుకు లేపడం, నేనెంత, నా ప్రాణమెంత... ఇదే కదా అహం లేకపోవడమంటే అనుకున్నా, నిజంగా అలాగే అనుకున్నా! మూడున్నరకి బీపీ చూడ్డానికి ఆ నర్సు తనంతట తనే వచ్చి, నా మొహం చూసి లెక్కపెట్టమంది. 9 దగ్గర ఆగిపోయా. పది నిమిషాల్లో ఐసీయూ, ఆపైన 11 రోజులు వెంటిలేటర్. ఆమె రాకపోయుంటే ఈ రాత ఉండేది కాదు.

తర్వాత ఫిజియోథెరపీ రోజుల్లో మాకు గీత చెప్పే మేష్టారు వచ్చారు. ఆ రాత్రి సంగతి గొప్పగానే చెప్పాను, ఆయన నవ్వలేదు. "నువ్వా రాత్రి ఎవరి గురించి ఆలోచించావమ్మా? నేను భారం, నేనెంత, నా ప్రాణమెంత. ఎన్ని 'నేను'లున్నాయో చూడు" అన్నారు.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు రాస్తా. మన మాటల్లో అహంకారం అంటే పొగరు, కాబట్టి అది పోవడమంటే అణిగిమణిగి ఉండటం అనుకుంటాం. వేదాంతంలో అహంకారం అంటే అహం, కారం, అంటే దేన్ని పట్టుకున్నా "ఇది నేను" అని అంటించే పని. అది "నేను గొప్ప"కి ఎంత గట్టిగా అంటుకుంటుందో "నేను పనికిరాను"కీ అంతే గట్టిగా అంటుకుంటుంది. బౌద్ధులైతే మానం అనే దోషాన్ని మూడు రకాలుగా చెప్తారట, నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ, ఆ మూడోదీ మానమే! గీత ఆరో అధ్యాయంలో 5వ శ్లోకం "నాత్మానమవసాదయేత్" అంటుంది, తనని తాను కుంగదీసుకోకూడదని. అహం తగ్గినవాడికి తన దాహం కూడా పక్కవాడి దాహంలాంటిదే, ఎక్కువా కాదు తక్కువా కాదు. పక్క మంచం ఆవిడకి ఊపిరి 12కి పడిపోయుంటే నేను బెల్ కొట్టేదాన్ని కాదా? కొట్టేదాన్నే, అరిచి మరీ.

తేడా నాకెప్పుడు తెలిసిందంటే, ఒకరోజు తెల్లారి దుప్పటి తడిసిపోయింది. మామూలుగా అయితే గంటసేపు సిగ్గుతో పడుకునేదాన్ని. ఆ రోజు ఎందుకో "సిస్టర్, దుప్పటి తడిసింది, మార్చాలి" అనేశా, అంతే, క్షమించమని ఏడవలేదు, కోపం రాలేదు, ఆమె మార్చేసి వెళ్లిపోయింది. ఆ రెండు నిమిషాలూ నా గురించి నాకేమీ అనిపించలేదు. మళ్లీ మధ్యాహ్నానికి పాత ఏడుపు మామూలే, అది వేరే సంగతి.

ఒకటి మాత్రం చెప్పాలి. నేను లేకపోతేనే వీళ్లకి హాయి అన్న ఆలోచన వారాల తరబడి వదలకపోతే దానికి వేదాంతం పేరు పెట్టకండి. నాకు అది డిప్రెషన్ అని తేలింది, కొన్ని నెలలు మందులు వాడా, మేష్టారే ముందు డాక్టర్ దగ్గరకెళ్లమన్నారు. పెద్దమ్మ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పండక్కి ఫోన్ చేస్తే మాత్రం బానే మాట్లాడా.

మొన్న రాత్రి రెండింటికి కాలు పట్టేసింది. "ఏవండీ, కాలు పట్టేసింది, కాస్త లాగండి" అని లేపా. లేచి లాగారు. ఇద్దరం మళ్లీ పడుకున్నాం.