స్విచ్ వేస్తే ఒక లెక్క, తీస్తే ఇంకో లెక్క

100 మిల్లీహెన్రీల కాయిల్, దానికి సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్, 12 వోల్టుల సప్లై. ఇందులో కరెంటు ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో స్కోప్‌లో చూడాలనుకున్నాను. ముందు కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిచాను. తీగ నిరోధమే 20 ఓమ్‌లు ఉంది. అంటే లెక్కలోకి వచ్చే R 120. కరెంటు చివరికి చేరాల్సింది 100 మిల్లీఆంప్స్, కరెంటు అందులో 63 శాతానికి చేరడానికి పట్టే సమయం, అంటే కాలస్థిరాంకం τ = L/R, దాదాపు 0.83 మిల్లీసెకను.

స్కోప్ కరెంటును నేరుగా చూపించదు కాబట్టి ప్రోబ్‌ను 100 ఓమ్‌ల రెసిస్టర్ మీద పెట్టాను. అక్కడ 10 వోల్టులు కనిపిస్తే 100 మిల్లీఆంప్స్ పారుతున్నట్టు. సింగిల్ ట్రిగ్గర్ పెట్టి స్విచ్ వేశాను. మొదటి గీతలో మెట్లు మెట్లుగా నొక్కులు కనిపించాయి. అది కాయిల్ గుణం కాదు, స్విచ్ కాంటాక్టు తగిలి ఎగిరి మళ్ళీ తగలడం. నొక్కుల్లేని గీత దొరికేదాకా మళ్ళీ మళ్ళీ వేశాను. అందులో 6.3 వోల్టులు, అంటే 63 శాతం, 0.8 మిల్లీసెకను దాటాక వచ్చింది. నాలుగు మిల్లీసెకన్లు దాటాక గీత చదునైపోయింది.

అసలు కథ స్విచ్ తీసేటప్పుడే. కాయిల్‌లో పారుతున్న 100 మిల్లీఆంప్స్ టక్కున సున్నా కాలేదు. దారి లేకపోతే కాంటాక్టుల మధ్య గాలిలోంచే నిప్పురవ్వగా దూకుతుంది. అందుకే మొదటే కాయిల్, రెసిస్టర్ రెండింటికీ కలిపి అడ్డంగా ఒక కిలోఓమ్ రెసిస్టర్ కట్టి ఉంచాను. స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది 12 మిల్లీఆంప్స్ వేరేగా తాగుతుంది, మన గీతకు దానితో పనిలేదు.

స్విచ్ తీయగానే కరెంటు తిరగాల్సిన దారిలో R 1120 అయిపోతుంది. కాయిల్ అదే అయినా τ 90 మైక్రోసెకన్లకు పడిపోయింది. పెరగడానికి పట్టిన దానిలో తొమ్మిదో వంతు! కరెంటు మాత్రం ఆ క్షణంలో ఇంకా 100 మిల్లీఆంప్సే, కాబట్టి కిలోఓమ్ మీద 100 వోల్టులు, అదీ తలకిందులుగా. సప్లై 12తో కలిపి స్విచ్ మీద పడేది 112. కిలోఓమ్ బదులు పది కిలోఓమ్‌లు కడితే లెక్క ప్రకారం వెయ్యి వోల్టులు లేవాలి. ఆ ప్రయోగం జోలికి నేను పోలేదు.

తర్వాత కిలోఓమ్ తీసేసి అదే చోట డయోడ్ పెట్టాను, సప్లై ఉన్నప్పుడు పారకుండా తిప్పి. స్విచ్ మీద వోల్టేజీ 12.7 దగ్గరే ఆగింది. కానీ దారిలో మళ్ళీ 120 ఓమ్‌లే ఉన్నాయి కాబట్టి కరెంటు తాపీగా దిగింది. పైగా డయోడ్ 0.7 వోల్టు అడ్డుపడటంతో తోక సాగకుండా రెండున్నర మిల్లీసెకన్లలోపే పూర్తిగా సున్నా అయింది.